ఇంటి పాలసీలో నగల కవర్: చాలా ఏళ్ళు కట్టి, ఒక పెద్ద క్లెయిమ్ అయ్యాక రాస్తున్న సమీక్ష

ఒకే కంపెనీలో చాలా ఏళ్ళుగా హోమ్ ఇన్సూరెన్స్ కడుతున్నాను, ఇంట్లో దొంగతనం జరిగి నగలు పోతే అందులోనే క్లెయిమ్ పెట్టాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే షరతులు మాట తేడాతో చాలా పాలసీల్లో ఉంటాయి. నా మార్కు సూటిగా చెప్పేస్తా: సామాన్ల కవర్‌లో 'నగలు, విలువైన వస్తువులు' అని ఒక లైను కనిపించగానే మన బంగారం అంతా కవర్ అయిపోయింది అనుకుంటే అది ఉత్త మాట. విడిగా జాబితాలో రాయించిన నగకి మాత్రం ఈ పాలసీ డబ్బుకి తగ్గ పని చేసింది.

అంకెలతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇంట్లో సామాన్లన్నిటికీ కలిపి తీసుకున్న బీమా మొత్తం 100 అనుకోండి. నా పాలసీలో జాబితాలో లేని విలువైన వస్తువులన్నిటికీ కలిపి గరిష్ఠంగా 20, వాటిలో ఏ ఒక్క వస్తువుకైనా గరిష్ఠంగా 5. ఈ రెండో లిమిట్ గురించి అమ్మేవాళ్ళు చెప్పరు, బ్రోషర్‌లో కూడా ఉండదు, పాలసీ షెడ్యూల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 5 దాటే ఏ వస్తువునైనా పేరు, వర్ణన, విలువతో విడిగా రాయించాలి, దానికి అదనపు ప్రీమియం కట్టాలి. అలా రాయించిన వస్తువుకి ఆ 5 వర్తించదు, ఆ 20లోంచి కోత కూడా పడదు.

నేను రాయించినవి రెండే. హారం, దుద్దులు కలిసిన సెట్ 15కి, రాయి ఉంగరం 6కి. గాజుల జత విలువ 8. దాన్నీ రాయిద్దామని అడిగితే అడ్వైజరు 'ఒక్కో గాజు 4 కదండీ, లిమిట్ లోపలే ఉంది, అనవసరంగా ప్రీమియం ఎందుకు' అన్నాడు. ఆ మాట మెయిల్‌లో కూడా ఉంది. దాని సంగతి కింద చెప్తా.

జాబితాలో చేర్చడానికి వాళ్ళు అడిగింది వాల్యుయేషన్ సర్టిఫికెట్. బిల్లు ఉన్నా సరే, పాతదైతే ఇది కావాలన్నారు. మంచి సర్టిఫికెట్‌కీ నామమాత్రపు దానికీ తేడా చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. మొదట ఒక నగల దుకాణం వాళ్ళు ఇచ్చినదాంట్లో 'బంగారు హారం, దుద్దులు, రాళ్ళతో' అని రాసి కింద ఒక మొత్తం వేసి స్టాంపు కొట్టారు. అది కంపెనీ తిప్పి పంపింది, సరైన పనే చేసింది. రెండోసారి నగలకి విలువ కట్టడమే వృత్తిగా ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళాను. ఆయన హారం మొత్తం బరువు వేరే, అందులో రాళ్ళ బరువు, లోపల నింపిన లక్క బరువు తీసేసి నికర బంగారం బరువు వేరే రాశాడు. హారం నికరం 46 గ్రాములు, దుద్దులు రెండూ కలిపి 14 గ్రాములు. స్వచ్ఛత 22 క్యారెట్లు, అంటే 91.6 శాతం, హాల్‌మార్క్ ముద్ర ఎక్కడుందో కూడా రాశాడు. ఫొటోలు కొక్కెం వైపు, వెనక వైపు, పక్కన స్కేలు పెట్టి తీశాడు. ఉంగరం రాయికి ల్యాబ్ రిపోర్టు ఉంది కాబట్టి క్యారెట్ బరువు, కట్, రంగు, క్లారిటీ, రిపోర్ట్ నంబరు అన్నీ దింపాడు. ఈ కాగితమే తర్వాత నన్ను గట్టెక్కించింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి: జాబితాలో రాసిన విలువ 'అంగీకరించిన విలువా' లేక 'గరిష్ఠ పరిమితా'. మొదటిదైతే పోయిన రోజు మార్కెట్ ఎంతున్నా ఆ మొత్తం ఇస్తారు. రెండోదైతే పోయిన రోజున అలాంటి నగ తెచ్చుకోవడానికి ఎంతవుతుందో లెక్క కట్టి, ఆ రాసిన విలువ దాటకుండా ఇస్తారు. నాది రెండో రకం. ధర పెరిగితే పెరిగిన మేరకి మనకే నష్టం, తగ్గితే తగ్గినంతే ఇస్తారు, లాభం రెండు వైపులా వాళ్ళదే. సామాన్ల మొత్తాన్ని ఏటా వాళ్ళే కొంత పెంచుతారు గానీ జాబితా విలువలని ముట్టుకోరు, అది మనమే కొత్త సర్టిఫికెట్ ఇచ్చి మార్పించుకోవాలి. రెన్యూవల్ దాకా ఆగక్కర్లేదు, మధ్యలో కూడా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పు రాసిన కాగితం, వేయించుకోవచ్చు.

దొంగతనానికి ముందు ఒక చిన్న క్లెయిమ్ పెట్టి భంగపడ్డాను. వేరే ఉంగరంలోంచి చిన్న రాయి రాలిపోయింది. ఇంటి బయట పోయినా వర్తించే ఎక్స్‌టెన్షన్ ఉంది కదా అని అడిగాను. వాళ్ళు ఉంగరం తెప్పించుకుని చూసి, రాయిని పట్టి ఉంచే కొక్కేలు అరిగి సన్నబడ్డాయి, అరుగుదల వల్ల జరిగిన నష్టం కవర్ కాదు అని రాసి పంపారు. చిరాకేసింది కానీ భూతద్దంలో చూస్తే నిజంగానే రెండు కొక్కేలు సూదుల్లా అయిపోయి ఉన్నాయి. రోజూ పెట్టుకునే రాళ్ళ నగ ఉంటే అప్పుడప్పుడూ కంసాలికి చూపించి రసీదు దాచుకోవడం మంచిది, ఆ రసీదు ఉంటే ఇలాంటి వాదనలో మన వైపు ఏదో ఒకటి ఉంటుంది.

ఇక అసలు విషయం. అందరం ఫంక్షన్‌కి వెళ్ళిన రోజున వెనక కిటికీ గ్రిల్ కోసి లోపలికి వచ్చారు. హారం, ఉంగరం, గాజులు, ఒక పాత గొలుసు, ఒక వాచీ పోయాయి. దుద్దులు చెవులకే ఉన్నాయి కాబట్టి మిగిలాయి. గ్రిల్ కోసిన గుర్తు ఉండడం క్లెయిమ్‌కి ఎంత ముఖ్యమో, నష్టం లెక్క కట్టే సర్వేయరు వచ్చినప్పుడు తెలిసింది. బలవంతంగా లోపలికి వచ్చిన ఆనవాలు లేకపోతే, అంటే తాళం వేయకుండా పోయినా, ఇంట్లో తిరిగేవాళ్ళు తీసినా, నా పాలసీలో దొంగతనం కింద లెక్కకే రాదు. 'చూస్తే కనిపించడం లేదు' అనేది అసలే రాదు. కిటికీ బాగు చేయించకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టాను, ఆయన మొదట అడిగింది అవే. బీరువాలో పెట్టారా, తాళం వేశారా అని కూడా అడిగాడు, జాబితాలో ఉన్న నగలు పెట్టుకోనప్పుడు తాళం వేసిన చోటే ఉండాలని షరతు ఉంది. బీరువా తాళం పగలగొట్టి ఉంది కాబట్టి అక్కడ పేచీ రాలేదు.

ఒక్కో వస్తువుకీ ఏం జరిగిందంటే:

హారం దగ్గర మొదటి దెబ్బ. సెట్‌ని ఒకే లైన్‌లో 15 అని రాశాం కదా, అందులో సగం పోయి సగం మిగిలింది. పాలసీలో జతలు, సెట్‌ల క్లాజు ఒకటి ఉంటుంది: పోయిన భాగానికే ఇస్తారు, సెట్ చెడిపోయినందుకు తగ్గిన విలువకి ఇవ్వరు. మిగిలినది వాళ్ళకి అప్పగిస్తే పూర్తి మొత్తం ఇచ్చే పాలసీలు ఉన్నాయి, నాది కాదు. సర్వేయరు మొదట 'రెండు భాగాలు, సగం 7.5' అన్నాడు. సర్టిఫికెట్ తీసి బరువులు చూపించాను. 60 గ్రాముల్లో హారం 46. ఆ లెక్కన 11.5 అయింది. ఆ రెండు బరువులు విడివిడిగా రాసి ఉండకపోతే ఇక్కడే 4 నష్టపోయేవాడిని.

ఉంగరానికి డబ్బు అడిగితే 5 ఇస్తామన్నారు, ఎందుకంటే వాళ్ళ సప్లయర్ దగ్గర వాళ్ళకి ఆ ధరకి వస్తుందట. 'బాగు చేయించడం, బదులు ఇవ్వడం, డబ్బు ఇవ్వడం, ఏదైనా మా ఇష్టం' అని పాలసీలో ఉంటుంది, దాని అసలు అర్థం ఇదన్నమాట. నేను డబ్బు వద్దని అదే క్యారెట్, రంగు, క్లారిటీ ఉన్న ఉంగరమే కావాలన్నాను. ల్యాబ్ రిపోర్టు ఉండబట్టి వాళ్ళు మొదట చూపించిన తక్కువ రకం రాయిని వెనక్కి పంపగలిగాను. రెండోసారి తెచ్చింది సరిపోయింది.

గాజులు. జత అంటే ఒకే వస్తువు అని నిర్వచనాల్లో ఉంది, కాబట్టి 8కి బదులు 5. అడ్వైజరు మెయిల్ చూపించి ఫిర్యాదు చేశాను, 'రాసిన పాలసీ మాటే చెల్లుతుంది' అని జవాబు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అమ్మేటప్పుడు ఒక్కోటి, ఇచ్చేటప్పుడు జత!

పాత గొలుసు ఇంట్లో పెద్దవాళ్ళ నుంచి వచ్చింది, బిల్లు ఉండే ప్రశ్నే లేదు. మెడలో ఉన్న ఫొటోలు ఇచ్చాను. అది మనది అనడానికి ఫొటో సరిపోయింది గానీ బరువు చెప్పదు కదా. నా అంచనా 4, వాళ్ళు ఆ ఫొటోల్లో మందం, పొడవు చూసి 3 కట్టారు. బిల్లు లేని నగని ఒక్కసారి తూకం మీద పెట్టి, అంకె కనపడేలా ఫొటో తీసి పెట్టుకుంటే ఈ బేరమే ఉండదు. వాచీకి పెట్టె, సీరియల్ నంబరున్న వారంటీ కార్డు ఉన్నాయి, అడిగిన 3 మారు మాట లేకుండా ఇచ్చారు.

మొత్తం 28.5, అందులో మన వాటా కింద కోసే 1 పోను 27.5, ఉంగరాన్ని 6 లెక్కన కలిపి. జాబితా అసలు లేకపోతే ఎంత వచ్చేదో కూడా లెక్క వేసుకున్నాను: హారం 5, ఉంగరం 5, గాజులు 5, గొలుసు 3, వాచీ 3, కలిపితే 21, కానీ మొత్తం లిమిట్ 20, కోత పోను 19. తేడా 8.5. రెండు వస్తువులకి ఇన్నేళ్ళు కట్టిన అదనపు ప్రీమియం అంతా కలిపినా దీనికి దరిదాపుల్లో లేదు. హారం అసలు మార్కెట్ విలువ మాత్రం 11.5 కంటే ఎక్కువే ఉంది, ఆఖరి వాల్యుయేషన్ తర్వాత ధర పెరిగింది, ఆ పెరుగుదల పోయినట్టే.

క్లెయిమ్ సెక్షన్ వాళ్ళ తీరు గురించి ఒక్క మాట. ఆలస్యం చేశారు, అడిగిన కాగితాన్నే మళ్ళీ అడిగారు, కానీ పోలీసు ఫిర్యాదులో రాసిన జాబితా, క్లెయిమ్ ఫారంలోని జాబితా అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండడంతో పట్టుకోవడానికి వాళ్ళకి ఏమీ దొరకలేదు. ఆ టెన్షన్‌లో పోలీసులకి నోటికొచ్చినట్టు చెప్పి తర్వాత ఇంకో వస్తువు గుర్తొచ్చిందంటే అది ఇప్పించుకోవడం కష్టం. మొదటి ఫిర్యాదులోనే 'పూర్తిగా చూసుకున్నాక మిగతావి తెలియజేస్తాం' అని ఒక వాక్యం రాయించడం మేలు.

ఈసారి రెన్యూవల్‌లో అదే కంపెనీతో కొనసాగాను. గాజులు మళ్ళీ చేయించాక రెండింటినీ విడివిడి బరువులతో రెండు లైన్లుగా రాయించాను. కొత్త హారం, పాత దుద్దులకి 'సెట్' అన్న పదం తీయించి వేరే వేరే వస్తువులుగా పెట్టించాను. దీనికి వాళ్ళు ఏ అభ్యంతరమూ చెప్పలేదు, ప్రీమియం మొత్తం విలువ మీదే లెక్క కాబట్టి లైన్లు పెరిగినంత మాత్రాన అది పెరగలేదు.