గెస్టులకు పంపే రూల్స్ మెసేజ్: అంతా బాగానే ఉంది, ఆ రేట్ల పట్టిక తప్ప

విజయవాడ మొగల్రాజపురంలో మా ఫ్లాట్‌ని రోజుల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు, గుంటూరులో ఇదే పని చేస్తున్న మా తోడల్లుడు తను వాడే వాట్సాప్ మెసేజ్ నాకు పంపాడు. పేర్లు, అడ్రస్ మార్చుకుని అదే వాడుతున్నాను. చెకిన్ టైమ్, లిఫ్ట్, పార్కింగ్, రాత్రి పదికి సౌండ్ తగ్గించడం లాంటివి ఎవరి మెసేజ్‌లోనైనా ఉండేవే. నా గొడవంతా చివర్లో ఉన్న రేట్ల పట్టికతోనే. గ్లాసు పగిలితే 100, రిమోట్ పోతే 500, తాళం పోతే 800, దుప్పటి మీద మరక పడితే 600.

మొదట్లో దీన్ని నేనే తెగ మెచ్చుకున్నాను. బేరాలు లేవు, మొహమాటం లేదు, ముందే చెప్పాం కాబట్టి ఎవరూ నోరెత్తరు అని అందరికీ చెప్పేవాణ్ణి.

తర్వాత ఒక పెళ్ళివాళ్ళు దిగారు. మంచి మనుషులే, మాటా మర్యాదా ఉన్నవాళ్ళు. పెళ్ళికూతురికి నలుగు పెట్టడం హాల్లో మొదలై, జనం పట్టక బెడ్‌రూమ్‌లోకి వెళ్ళింది. సాయంత్రం నా ఫోన్‌కి 600 రూపాయలు వచ్చి పడ్డాయి. ఎందుకా అని ఫోన్ చేస్తే పెళ్ళికూతురి పిన్నిగారు, “దుప్పటికి కొంచెం పసుపు అయిందండీ, మీ లిస్టులో ఉన్నదే కదా, పంపించేశాం” అన్నారు. ఆవిడ గొంతులో తప్పు చేసిన ఛాయ కూడా లేదు. ఎలా ఉంటుంది, ధర నేనే పెట్టాను, ఆవిడ కొనుక్కున్నారు. 600 కట్టేశాక జాగ్రత్తగా ఉండాల్సిన అవసరమే లేకపోయింది, రాత్రంతా అదే మంచం మీద మిగతా తంతు నడిపించారు.

మర్నాడు వాళ్ళు వెళ్ళాక దుప్పటి తీస్తే కింద పరుపు దాకా నూనె, పసుపు దిగింది. పరుపు కొన్నప్పుడు 15,000, వాడి నాలుగేళ్ళయింది. ఎనిమిదేళ్ళు వస్తుందనుకుంటే సగం పోయినట్టే, అంటే నేను న్యాయంగా అడగగలిగేది 7,500. కొత్త పరుపు ఖరీదు మొత్తం అడిగితే ఎవరూ ఇవ్వరు, అడగడం పద్ధతీ కాదు. ఆ 7,500కి కూడా వాళ్ళ సమాధానం ఒకటే: “లిస్టులో పరుపు లేదండీ.” చివరికి 2,000 ఇచ్చారు. డైరెక్ట్ బుకింగ్ కాబట్టి మధ్యలో చెప్పేవాళ్ళు కూడా లేరు. ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా వచ్చినవాళ్ళయితే చెకవుట్ అయిన 14 రోజుల్లోపు ఫొటోలు, బిల్లుతో క్లెయిమ్ పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. మా పనమ్మాయి ఆ దుప్పటిని మిగతా తెల్ల దుప్పట్లతో కలిపి వేడి నీళ్ళలో సబ్బుపొడి వేసి నానబెట్టింది. పసుపు రంగు సబ్బులోని క్షారానికి ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఇందుకే. ఒక్క దుప్పటి మరక కాస్తా బకెట్‌లో ఉన్నవాటన్నిటికీ అంటింది. మరక పడిన వెంటనే తెలిసి ఉంటే విడిగా చన్నీళ్ళలో జాడించి ఎండలో వేసేవాళ్ళం. పసుపు రంగు ఎండకి నిలవదు, రెండు మూడు రోజుల్లో చాలావరకు వెలిసిపోతుంది, నూనె జిడ్డుకి సబ్బు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

అందుకని మరకల రేటు తీసేశాను. ఇప్పుడు ఆ చోట ఇలా ఉంటుంది:

“మరక పడితే మీరు ఉతకొద్దు, సబ్బు పెట్టొద్దు, వెంటనే ఒక ఫొటో పంపండి. దుప్పటి, తువ్వాలు మరకలకి చెప్పినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోం. పరుపు, సోఫా, గోడలు పాడైతే బిల్లు చూపించి, వాడిన ఏళ్ళు తీసేసి లెక్క చెప్తాం. నలుగు, పసుపు ఫంక్షన్ ఉంటే ముందే చెప్పండి, పాత దుప్పట్లు, చాపలు ఇస్తాం.”

చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. జనం నిజంగానే ముందు చెప్తున్నారు. దీక్షల టైమ్‌లో ఎర్రబట్టలతో వచ్చే భవానీలు కూడా తడిబట్టల రంగు దిగుతుందని వాళ్ళే చాపలు అడుగుతున్నారు. తాళం, రిమోట్ రేట్లు మాత్రం ఉంచేశాను. డబ్బు కట్టేశాం కదా అని వాటిని ఎవరూ కావాలని పోగొట్టరు.

పాత మెసేజ్‌లో అప్పుడూ ఇప్పుడూ నచ్చేది, దిగిన గంటలోపు ముందే పాడై ఉన్నవాటి ఫొటోలు పంపమనడం. కాకపోతే తెల్లవారుజామున మూడింటికి రైలు దిగి వచ్చే కుటుంబం గోడల ఫొటోలు తీస్తూ కూర్చోదు. రాత్రి వచ్చేవాళ్ళకి పొద్దున పది దాకా టైమ్ ఇస్తున్నాను.

నేను రెండు వీధుల అవతలే ఉంటాను, ఫొటో రాగానే పనమ్మాయిని పంపగలను, అందుకే ‘చెప్తే డబ్బు లేదు’ అనడం నాకు గిట్టుబాటు అవుతోంది. హైదరాబాద్‌లో ఉండి ఇక్కడి ఫ్లాట్ నడిపేవాళ్ళకి ఎంతవరకు కుదురుతుందో చెప్పలేను. మా తోడల్లుడైతే ఇంకా 600 పట్టికే వాడుతున్నాడు, అతనికి వచ్చేది ఎక్కువగా మిర్చి యార్డు పని మీద ఒక్కరాత్రి ఉండి వెళ్ళేవాళ్ళు.