లిఫ్ట్ ఏఎంసీ ధర 40 శాతం పెంచారు: ఒప్పుకోవాలా, లేబర్ ఒప్పందానికి మారాలా, కంపెనీనే మార్చాలా?

ముప్ఫై ఫ్లాట్లు, ఎనిమిదేళ్ల కిందట పెట్టిన రెండు లిఫ్టులు ఉన్న ఒక అపార్ట్‌మెంటును ఉదాహరణగా తీసుకుందాం. లిఫ్టు తయారీ కంపెనీయే విడిభాగాలతో సహా చూసుకునే కాంప్రహెన్సివ్ ఏఎంసీకి, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందానికి, ఒక్కో లిఫ్టుకు 60,000 తీసుకుంటోంది. ఈసారి 84,000 అంటూ ఉత్తరం పంపింది. 18 శాతం జీఎస్టీ కలిపితే రెండు లిఫ్టులకు ఏటా 1,41,600 ఉన్నది 1,98,240 అవుతుంది. సాధారణంగా అసోసియేషన్ కార్యదర్శి ఫోన్ చేసి కాస్త తగ్గించమంటారు, కంపెనీ ఐదు శాతం తగ్గిస్తుంది, సంతకాలు అయిపోతాయి. వేరే దారి చేతిలో లేకుండా అడిగితే అంతకు మించి తగ్గదు. ఆ దారులు ఎంతవరకు నిలుస్తాయో ముందు చూసుకోవాలి.

మొదటిది, అదే కంపెనీతో లేబర్ ఒప్పందం. నెలనెలా సర్వీసు, పిలిస్తే మెకానిక్ రావడం దీనిలో ఉంటాయి. విడిభాగాల ఖర్చు మనదే. దీనికి ఒక్కో లిఫ్టుకు 32,000 అడిగారనుకుంటే, రెండింటికీ పన్నుతో 75,520. కొత్త కాంప్రహెన్సివ్ ధర కంటే ఏటా 1,22,720 తక్కువ, మూడేళ్లకు 3,68,160 తక్కువ. రాబోయే మూడేళ్లలో విడిభాగాల ఖర్చు ఈ మొత్తాన్ని దాటుతుందా అన్నదే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ఊహించి చెప్పే జవాబు పనికిరాదు. మెషిన్ రూములో ఉండే సర్వీసు రిజిస్టరు తెరిచి, గత మూడేళ్లలో ఏ భాగాలు మార్చారో రాసుకోవాలి. వైరు రోప్‌లు, కంట్రోలర్ బోర్డు, డ్రైవ్, బ్రేక్ కాయిల్, తలుపు సెన్సర్ల ధరలు కంపెనీ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. రోప్‌ల మీద ఎర్రటి పొడి కనిపిస్తున్నా, సన్నని తీగలు తెగి పైకి లేస్తున్నా వాటిని మార్చే రోజు దగ్గర పడినట్టే. అలాంటప్పుడు లేబర్ ఒప్పందానికి మారితే ఆ ఖర్చు మన నెత్తిన పడుతుంది. రోప్‌లు, బోర్డు ఈమధ్యే మార్చి ఉంటే మాత్రం లేబర్ ఒప్పందమే మేలు. కానీ మిగిలిన డబ్బును విడిగా జమ చేయాలి. చందాలు తగ్గించి ఆ డబ్బు పంచేసుకుంటే, డ్రైవ్ కాలిపోయిన రోజున ఇంటింటికీ తిరగాలి, అంతవరకు పై అంతస్తు పెద్దవాళ్లు మెట్లెక్కాలి.

రెండోది, బయటి సర్వీసు సంస్థ. కాంప్రహెన్సివ్‌కే 48,000 అంటే పన్నుతో రెండింటికీ 1,13,280, అన్నిటికన్నా ఆకర్షణీయమైన ధర. అయితే చాలా కంపెనీల కంట్రోలర్లకు సొంత సర్వీసు పరికరమో, పాస్‌వర్డో ఉండాలి. అవి లేకపోతే బయటి మెకానిక్ లోపం కోడ్ కూడా చదవలేడు, బోర్డు పోతే మళ్లీ పాత కంపెనీ దగ్గరకే వెళ్లాలి. అందుకే ధర మాట్లాడే ముందు, ఆ సంస్థ మనిషిని మన కంట్రోలర్ దగ్గరకు తీసుకెళ్లి మెనూ తెరిచి చూపించమనాలి. ఇదే మోడల్‌ను ఎక్కడ చూస్తున్నారో అడిగి, ఆ అపార్ట్‌మెంటు వాళ్లతో మాట్లాడాలి. మామూలు కంట్రోలర్ అయితే ఈ దారి బాగానే పనిచేస్తుంది. తాళం వేసిన కంట్రోలర్ అయితే నేను ఈ దారి పట్టను.

మూడోది, ఉన్న కంపెనీతోనే కాంప్రహెన్సివ్. ఎనిమిదేళ్ల లిఫ్టులు, ప్రత్యేక నిధి లేని అసోసియేషన్ అయితే నా ఓటు దీనికే, 84,000కు మాత్రం కాదు. పై రెండు కొటేషన్లూ ముందు పెట్టి మూడేళ్ల ఒప్పందం అడగాలి: మొదటి ఏడాది పెంపు 15 శాతం, తర్వాత ఏటా ఐదు శాతానికి మించకూడదు. అలా అయితే ఒక్కో లిఫ్టుకు 69,000తో మొదలై మూడో ఏడాదికి 76,000 దాటుతుంది, 84,000 దరిదాపుల్లోకి రాదు. మూడేళ్ల పని ఖాయమవుతుంది కాబట్టి కంపెనీకీ ఇందులో లాభముంది.

ధర కంటే జాగ్రత్తగా చదవాల్సింది మినహాయింపుల పేజీ. కరెంటు పోయినప్పుడు లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చే పరికరం బ్యాటరీలు, పిట్‌లోకి నీళ్లు చేరి జరిగే నష్టం, వోల్టేజీ హెచ్చుతగ్గులకు కాలిపోయే బోర్డులు తరచూ అందులో ఉంటాయి. కాంప్రహెన్సివ్ అన్న పేరుకు డబ్బు కట్టి, బోర్డు కూడా మనమే కొనాల్సి వస్తే ఎక్కువ ధర ఎందుకు? కంపెనీ ధర తగ్గించకపోతే కనీసం బ్యాటరీలనూ బోర్డులనూ లోపలికి తెమ్మనాలి. మనిషి లోపల ఇరుక్కుంటే ఎంతసేపట్లో వస్తారో, మూడు రోజులకు మించి లిఫ్టు ఆగితే ఎంత సొమ్ము వెనక్కిస్తారో రాయించాలి. ఏడాది మొత్తం ముందే కట్టకుండా మూడు నెలలకోసారి కడితే ఆ షరతులను అమలు చేయించడం సులువవుతుంది.

ఇవన్నీ గడువుకు రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. ఎవరూ వద్దనకపోతే ఒప్పందం దానంతటదే కొనసాగుతుందన్న షరతు ఉందేమో, ఉంటే ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలో ఈరోజే చూడండి. ఉత్తరం ఆలస్యంగా వస్తే, చర్చలు ముగిసేదాకా పాత ధరకే ఒక నెల పొడిగింపు లిఖితపూర్వకంగా కోరండి.