మణికట్టు నలగని చెయ్యి: బ్లెండర్‌లో ట్విస్ట్ బోన్లు వాడి చూశాక

పాత్ర అరచెయ్యి తిప్పగానే మణికట్టు సన్నబడి, చాక్లెట్ కాగితం మెలిపెట్టినట్టు నలిగిపోవడం బ్లెండర్‌లో స్కిన్నింగ్ చేసే అందరికీ తెలిసిన బాధే. దీనికి నేను Preserve Volume, బెండీ బోన్లు, ట్విస్ట్ బోన్లు మూడూ ఏళ్ల తరబడి వాడాను. ఇప్పుడు నా రిగ్గులన్నింటిలో మిగిలింది మూడోదే.

ముందు ఒక సంగతి. ఈ జబ్బు వెయిట్ పెయింట్ బ్రష్‌తో నయం కాదు. Armature మాడిఫైయర్ ఒక్కో బిందువుకు ఎముకలు చూపించే స్థానాలను వెయిట్ల ప్రకారం సగటు చేస్తుంది. ముంజేతికి సగం, చేతికి సగం వెయిట్ ఉన్న వలయాన్ని తీసుకోండి. చెయ్యి 90 డిగ్రీలు తిరిగితే ఆ వలయం వ్యాసార్థం 71 శాతానికి పడిపోతుంది. 180 తిరిగితే సున్నా, ఎందుకంటే వృత్తంలో ఎదురెదురు బిందువుల సగటు కేంద్రమే. మరి చేతి వెయిట్‌ను మోచేతి దాకా పలచగా పరిచేస్తే? మెలిక తగ్గదు సరికదా, చెయ్యి వంచినప్పుడల్లా ముంజెయ్యి కూడా రబ్బరులా వంగుతుంది.

Preserve Volume ఒక్క టిక్కుతో మణికట్టును కాపాడుతుంది. కానీ మోచెయ్యి బాగా మడిచినప్పుడు బయటి వైపు ఉబ్బు వస్తుంది. పైగా ఎఫ్‌బీఎక్స్, జీఎల్‌టీఎఫ్ ఫైళ్లలో అది వెళ్లదు, గేమ్ ఇంజిన్‌లో తెరిచేసరికి పాత మెలిక ప్రత్యక్షం. బెండీ బోన్లు బ్లెండర్‌లోనే రెండర్ చేసే పనికి హాయి, ఎగుమతి దగ్గర వాటిదీ అదే కథ.

ట్విస్ట్ బోన్ల విషయంలో చాలామంది ఒక్క ఎముక పెట్టి, దానికి చేతి తిరుగుడులో సగం ఇచ్చి ఊరుకుంటారు. మిగిలిన సగం మణికట్టు మీదే పడుతుంది. నా అనుభవంలో అసలు సూత్రం వేరు: మెలిక అంతా మణికట్టుకు ముందే ముగిసిపోవాలి, మణికట్టుకు వంగే పని మాత్రమే మిగలాలి. అందుకే నేను రెండు పెడతాను.

ఈ మధ్య చేసిన ఒక ముసలమ్మ పాత్రే చూడండి. చేతినిండా గాజులు. మణికట్టు కాస్త సన్నబడినా గాజులు గాలిలో తేలుతాయి, దాచడానికి వీల్లేదు. ముంజేతి ఎముకను రెండుసార్లు నకలు తీసి, కుదించి, ఒకటి నడుమ, ఒకటి మణికట్టు వైపు ఉంచాను. రెండూ ముంజేతికే పిల్లలు, రోల్ ముంజేతిదే. చేతి ఎముక రోల్ కూడా దానితో కలవాలి. రెండు ట్విస్ట్ బోన్ల రొటేషన్ మోడ్ XYZ Euler చేసి, Y రొటేషన్‌కు డ్రైవర్ పెట్టాను. వేరియబుల్ Transform Channel, దానికి చేతి ఎముక Y Rotation, మోడ్ Swing and Y Twist, స్పేస్ Local Space. నడుమ ఎముకకు ఎక్స్‌ప్రెషన్ ఇది:

```
var * 0.5
```

మణికట్టు వైపు ఎముకకు `var` చాలు. Copy Rotation కన్‌స్ట్రెయింట్‌తోనూ ఈ పని అవుతుంది గానీ, చెయ్యి వంగి కూడా ఉన్నప్పుడు దాని Y విలువ పక్కదారి పడుతుంది. ఈ డ్రైవర్ మోడ్ వంపును వేరుచేసి మెలికను మాత్రమే ఇస్తుంది.

వెయిట్లు వలయాల వారీగా ఇచ్చాను. మోచేతి కింది నుంచి మణికట్టు దాకా ఏడు వలయాలు. మొదటిది పూర్తిగా ముంజేతికి, నాలుగోది నడుమ ఎముకకు, ఏడోది చివరి ఎముకకు. మధ్యలో ఉన్నవాటికి 0.67, 0.33 చొప్పున పంపకం. ఆల్ట్ క్లిక్‌తో వలయం మొత్తాన్ని ఎంచుకుని Assign నొక్కడమే. ఆటోమేటిక్ వెయిట్లు ఒకే వలయంలో ఒక్కో బిందువుకు ఒక్కో విలువ ఇస్తాయి, మెలి తిరిగినప్పుడు చర్మం అలలుగా కనిపించడానికి కారణం అదే. చేతి వెయిట్ ఏడో వలయం దాటాకే మొదలవుతుంది. గాజులు చివరి ఎముకకు పూర్తిగా. ఇప్పుడు 90 డిగ్రీలు తిప్పితే పక్కపక్క ఎముకల మధ్య తేడా 45 మాత్రమే. వెయిట్ సగం సగం పడే చోట కూడా వ్యాసార్థం 92 శాతం ఉంటుంది. గళ్ల టెక్స్‌చర్ వేసి చూస్తే గళ్లు ముంజేతి పొడవునా నెమ్మదిగా వాలతాయి, ఎక్కడా ఒక్కచోట నలగవు.

మోచేతి దగ్గర మెలిక కనిపిస్తే వెయిట్లను అనుమానించే ముందు ముంజేతి ఎముకను ఎవరైనా Y మీద తిప్పారేమో చూడండి. ఆ అక్షానికి తాళం వేస్తే సగం ఫిర్యాదులు ఆగిపోతాయి. మడిచినప్పుడు మోచెయ్యి లోపలికి కుంగడం వేరే సమస్య, దానికి షేప్ కీ కావాలి.

లోపం లేదని అనను. మెలిక 180 డిగ్రీలు దాటితే డ్రైవర్ విలువ గుర్తు మారి, ముంజెయ్యి ఒక్క ఫ్రేములో గిర్రున తిరుగుతుంది. అరచెయ్యి నేలవైపు ఉన్న టీ పోజులో మోడల్ ఇస్తే, అరచెయ్యి పూర్తిగా పైకి తిప్పేసరికే ఆ హద్దు దగ్గరికి చేరతాం. అందుకే మోడలర్‌ను బొటనవేలు పైకి ఉండేలా చేతులు మలిచి ఇమ్మంటాను. అప్పుడు అటూ ఇటూ సుమారు 90 డిగ్రీలే అవసరమవుతాయి.