ల్యాప్‌టాప్ స్టాండ్: మెడ బాగుపడింది, కళ్లద్దాలు మారాక మళ్లీ కొలవాల్సి వచ్చింది

నా దగ్గరున్నది రెండు మడతల స్టాండు. కింద ఒక కీలు, పైన ఒక కీలు. ఇందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే, ఎత్తు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. మూడు గాళ్లో నాలుగు గాళ్లో ఉండి వాటిలోనే సర్దుకోమనే రకం కాదు. కొన్నప్పుడు ఈ సౌకర్యం విలువ ఇంత అని నాకు తెలియదు. దూరానికీ దగ్గరకూ ఒకే జతగా పనికొచ్చే ప్రొగ్రెసివ్ కళ్లద్దాలు వచ్చాక తెలిసింది.

తిరుపతిలో లాడ్జీలకు, షాపులకు ఇంటి నుంచే లెక్కలు రాస్తాను. నెలలో 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి జీఎస్టీఆర్-3బి, ఈ రెండు జీఎస్టీ రిటర్నులూ వేయాలి. ఆ రెండు తేదీల ముందు రోజుల్లో బిల్లుల వరుసలు చూస్తూ గంటలకు గంటలు కదలకుండా కూర్చోవాల్సిందే. ల్యాప్‌టాప్‌ను బల్ల మీదే పెట్టుకుని పనిచేసిన రోజుల్లో సాయంత్రానికి మెడ కింది భాగం, భుజాల మధ్య పట్టేసేది. స్టాండు మీదకు ఎక్కించి, విడిగా కీబోర్డు, మౌస్ పెట్టుకున్నాక ఆ నొప్పి కొన్ని వారాల్లోనే పోయింది. అది ఈ స్టాండు చలవే.

అయితే అందరూ చెప్పే "స్క్రీన్ పైఅంచు కళ్ల ఎత్తుకు" అన్న లెక్క ఒక్క స్టాండుతో తేలేది కాదు. మాది భోజనాల బల్ల, ఎత్తు 75 సెంటీమీటర్లు. నా ఎత్తుకు దాని మీద టైపు చేస్తే భుజాలు పైకి లేస్తాయి. అందుకని కుర్చీలో మందపాటి దిండు వేసుకుని, పాదాలు వేలాడకుండా కింద పీట పెట్టుకున్నాను. మోచేతులు బల్లకు సమంగా వచ్చాయి. కానీ నేను పైకి లేచాను కాబట్టి కళ్లూ పైకి లేచాయి, దానికి తగ్గట్టు స్టాండునూ పెంచాలి. కుర్చీ ముందు, స్టాండు తర్వాత. ఈ వరుస తిరగబడితే కొలిచిందే మళ్లీ కొలవాలి. చివరికి ల్యాప్‌టాప్ అడుగు బల్ల నుంచి 22 సెంటీమీటర్ల ఎత్తులో కుదిరింది. 14 అంగుళాల స్క్రీన్ పైఅంచు సరిగ్గా నా కళ్లకు కాస్త కిందకు వచ్చింది. విడి కీబోర్డు ముందుకు చేరడంతో స్క్రీన్ కళ్లకు 62 సెంటీమీటర్ల దూరానికి జరిగింది, అక్షరాలు చిన్నగా కనబడ్డాయి. డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేలు 150 శాతానికి పెంచాను. అది పెంచకపోతే మనిషి తెలియకుండానే ముందుకు వంగుతాడు, స్టాండు పెట్టి లాభం ఉండదు.

అలా బాగా సాగుతున్న పనిలోకి ప్రొగ్రెసివ్ అద్దాలు వచ్చాయి. నలభై దాటాక చదువుకోవడానికి +1.75 పడింది. దూరానికీ దగ్గరకూ రెండు జతలు మోయలేక ఒకే జతలో అన్నీ ఉండేవి తీసుకున్నాను. బండి మీద తిరగడానికి, బిల్లు చదవడానికి చాలా బాగున్నాయి. నెల తిరక్కుండానే మళ్లీ నొప్పి మొదలైంది. ఈసారి భుజాల మధ్య కాదు, తల వెనక, పుర్రె మొదట్లో. సాయంత్రానికి అక్కడి నుంచి నుదుటి దాకా పాకేది. నిద్ర చాలడం లేదేమో అనుకుని తలదిండు మార్చాను. 20వ తేదీ టెన్షన్ అని ఇంట్లో అన్నారు.

అసలు సంగతి పట్టుకున్నది మా అమ్మాయి. "నాన్నా, గడ్డం అట్లా పైకెత్తి ఏం చూస్తా ఉండావు?" అని అడిగి, పక్కనుంచి ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. వీపు నిటారుగానే ఉంది, తల మాత్రం వెనక్కి వాలి ఉంది. ఎక్సెల్‌లో పై వరుసలు చదువుతున్నప్పటి ఫొటో అది.

ప్రొగ్రెసివ్ అద్దంలో పై భాగం దూరానికి, అట్టడుగు భాగం చదవడానికి. రెంటికీ మధ్య సన్నటి దారిలాంటి భాగం ఉంటుంది, చేయి చాపినంత దూరంలో ఉన్నవి స్పష్టంగా కనబడేది అక్కడే. కంటి ఎత్తులో ఉన్న స్క్రీన్‌ను తిన్నగా చూస్తే చూపు పై భాగంలోంచి పోతుంది. ఆ భాగానికి 62 సెంటీమీటర్ల దూరంలోని అక్షరం మసక. దాన్ని తేటగా చూడటానికి మెడ తనంతట తానే గడ్డాన్ని ఎత్తి, అద్దంలో కింది భాగాన్ని అక్షరం మీదకు తెస్తుంది. ఇది తేల్చుకోవడం సులువు. తల కదపకుండా స్క్రీన్ మీద అన్నిటికన్నా పై వరుస చదవండి. తర్వాత గడ్డం కొద్దిగా ఎత్తి అదే వరుస చదవండి. ఎత్తినప్పుడు తేటగా కనబడితే నొప్పికి కారణం తలదిండు కాదు, స్క్రీన్ ఎత్తు.

స్టాండును 22 నుంచి 14 సెంటీమీటర్లకు దించాను. ఒక్కసారే కాదు, రోజుకు కొంచెం దించుతూ, పై వరుస చదివి చూసుకుంటూ. స్క్రీన్‌ను కాస్త వెనక్కి వాల్చాను. ఇప్పుడు నా చూపు స్క్రీన్ నడిమధ్యకు దాదాపు 20 డిగ్రీలు కిందకు పోతుంది, గడ్డం లేవడం లేదు. పుర్రె మొదట్లో నొప్పి పోయింది. వెనక్కి వాల్చడంతో ట్యూబ్‌లైట్ మాత్రం స్క్రీన్‌లో మెరిసింది, రాత్రిపూట దాన్ని ఆర్పి పక్కన టేబుల్ ల్యాంపు వేసుకుంటున్నాను. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగే కీలు నాకు పనికొచ్చింది ఈ 8 సెంటీమీటర్ల మధ్యే. గాళ్ల స్టాండు అయితే నాకు కావలసిన ఎత్తు ఏ రెండు గాళ్ల మధ్యో ఉండిపోయేది.

అదే కీలు గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. కొత్తలో రెండు చేతులతో గట్టిగా అదిమితే గానీ కదిలేది కాదు. పదేపదే ఎత్తు మార్చాక కింది కీలు వదులైంది. పొద్దున పెట్టిన ఎత్తు మధ్యాహ్నానికి కొంచెం జారేది. పెట్టెలో వచ్చిన అలెన్ కీతో పావు చుట్టు బిగిస్తే నిలిచింది, అప్పుడప్పుడూ ఆ పని చేయాల్సిందే. అలెన్ కీని పారేయకండి. స్టాండు ఎత్తులో ఉన్నప్పుడు పవర్ బటన్ మీది వేలిముద్ర సెన్సర్ నొక్కితే ల్యాప్‌టాప్ ఊగుతుంది, నేను పిన్ నంబరుకు మారిపోయాను.

కంప్యూటర్ కోసమే విడిగా అద్దాలు చేయించుకుంటే ఎత్తు మళ్లీ పెంచుకోవచ్చు. కళ్లద్దాల షాపులో అడిగితే, "సార్, మీ కంటి నుంచి స్క్రీన్ దాకా టేపుతో కొలుచుకుని రండి, ఆ దూరానికే పవరు వేస్తాం" అన్నారు. 62 సెంటీమీటర్లకు చదువుకునే పవరంతా అక్కర్లేదు, అందులో సగానికి కాస్త ఎక్కువ చాలు. నేను ఇంకా చేయించుకోలేదు. నా పని మధ్యలో ఎవరో ఒకరు బిల్లుల కట్టతో వస్తూనే ఉంటారు, ఆ అద్దాలతో గుమ్మం దగ్గరి మనిషి ముఖం మసకగా కనబడుతుంది. తలుపు మూసుకుని ఒకేచోట కూర్చునే ఉద్యోగమైతే అవే మేలు.

ముప్పైల్లో ఉండి అద్దాలు లేనివాళ్లు, లేదా దూరానికి మాత్రమే పెట్టుకునేవాళ్లు స్క్రీన్‌ను పైఅంచు కళ్ల ఎత్తుకు వచ్చేలా పెట్టుకోండి, ఏ స్టాండయినా సరిపోతుంది. ప్రొగ్రెసివ్‌గానీ, మధ్యలో గీత ఉండే బైఫోకల్‌గానీ వాడేవాళ్లయితే కిందకు దిగే వీలున్న స్టాండే కొనండి. కొన్ని రకాలు మడత పూర్తిగా దించినా 15 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. నాకైతే అవి పనికిరావు. నాకన్నా పొడవైన మనిషికి, లేదా కుర్చీలో దిండు ఇంకా మందంగా ఉన్నవాళ్లకు ఆ ఎత్తే సరిపోవచ్చు.