కారం మిల్లు ఖాళీగా ఉన్న గంటల ఖర్చు: ఎవరి ఖాతాలో రాయడం మేలు?

గుంటూరులో వ్యాపారుల మిరపకాయలకు జాబ్ వర్క్ మీద కారం ఆడించే మిల్లు ఒకటి ఉందనుకుందాం. అద్దె, తరుగుదల, జీతాలు, కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీ కలిపి నెలకు స్థిర ఖర్చు 6,00,000 రూపాయలు. రిపేర్లకు పోయే సమయం తీసేస్తే అందులోని రెండు యంత్రాలు కలిపి నెలకు 1,200 గంటలు ఆడగలవు. బడ్జెట్‌లో 1,000 గంటలు రాశారు, నిజంగా ఆడింది 700.

చాలా మిల్లుల్లో చేసేది మొదటి పద్ధతి. మొత్తం ఖర్చును ఆడిన 700 గంటల మీదే వేస్తే గంటకు దాదాపు 857 రూపాయలు పడుతుంది. సరుకు తెచ్చిన వ్యాపారి, రాని వ్యాపారి ఖర్చు కూడా మోస్తాడన్నమాట. రేటు చూసి అతను పక్క మిల్లుకు పోతే వచ్చే నెల 600 గంటలే ఆడుతుంది, రేటు 1,000కి ఎగబాకుతుంది. నా దృష్టిలో మిల్లును ముంచేది ఈ లెక్కే.

రెండోది బడ్జెట్ గంటలతో భాగించడం: గంటకు 600. మొదటిదాని కన్నా ఎంతో నయం, ఖాళీగా పోయిన 300 గంటలు విడిగా కనబడతాయి. అయితే బడ్జెట్‌లోనే వదిలేసిన 200 గంటల ఖర్చు ఆ 600లో కలిసిపోయి, ఎవరూ అడగకుండానే వ్యాపారి బిల్లులోకి చేరుతుంది.

అందుకే రేటు కట్టేటప్పుడు నేను 1,200తో భాగించమంటాను: గంటకు 500. ఖాళీ 500 గంటలు, దాని ఖర్చు 2,50,000. ఇందులో 1,00,000 బడ్జెట్ రోజునే తెలిసింది. అవసరానికి మించిన యంత్రం కొన్నది యజమాని కాబట్టి అది ఆయన లాభంలోంచే పోవాలి.

మిగతా 1,50,000కి లాగ్‌బుక్ తిరగేయాలి. ఒక ఎగుమతి వ్యాపారి 120 గంటలు బుక్ చేసుకుని సరుకు పంపలేదు: 60,000. ఒప్పందంలో కనీస ఛార్జీ ఉంటే అతని నుంచే వసూలు చేయాలి. నోటిమాట మీద స్లాట్ ఇచ్చి ఉంటే అది అమ్మకాల విభాగం ఖాతాలోకి వెళ్తుంది. బేరింగు పోయి ఒక యంత్రం 100 గంటలు ఆగింది: 50,000. గ్రీజు పెట్టాల్సిన తేదీ దాటిపోయిందని రిజిస్టర్ చెబితే ఇది మెయింటెనెన్స్‌ది. లైన్ తెగి కరెంటు పోయి ఆగి ఉంటే మాత్రం ఏ విభాగాన్నీ అడగలేం, నేరుగా లాభనష్టాల ఖాతాకే. ఆర్డర్లు లేక పోయిన 80 గంటల 40,000 అమ్మకాల విభాగానిది.

ఈ పంపకాన్ని ఒక్క నెల చూసి చేయకూడదు. మిర్చి సీజన్‌లో కిటకిటలాడే మిల్లు వానాకాలంలో నెమ్మదిస్తుంది, అది ఎవరి తప్పూ కాదు. అందుకే గంటల బడ్జెట్‌ను ఏడాదికి వేసి నెలలవారీగా విడగొట్టాలి.

మిల్లు సొంతంగా కారం నిల్వ ఉంచుకుంటే, ఆ సరుకు విలువ కట్టడానికి మాత్రం 500 పనికిరాదు. నిల్వ సరుకు విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 ప్రకారం స్థిర తయారీ ఖర్చును సాధారణ సామర్థ్యం మీద, అంటే కొన్నేళ్ల సగటు గంటల మీద పంచాలి. ఆ సగటు 1,000 అయితే నిల్వకు ఎక్కేది గంటకు 600. మిగిలింది ఆ ఏడాది ఖర్చు, దాన్ని గోదాములోని బస్తాల మీద ఎక్కించడానికి వీల్లేదు.