శంషాబాద్ పికప్ మెసేజ్: నాలుగేళ్లు వాడాక

మాది హనుమకొండ. చెల్లె కుటుంబం డాలస్‌లో, చిన్న బావ దోహాలో ఉంటారు. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఎవరో ఒకరు శంషాబాద్‌లో దిగుతారు. నాలుగేళ్లుగా ఊళ్లోని ఒకే ట్రావెల్స్‌లో కారు మాట్లాడుతున్నాను. పేరు రాయను. వాళ్ల కార్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు, బాగానే ఉంటాయి. నేను రాస్తున్నది వాళ్లు వచ్చేవాళ్లకు వాట్సాప్‌లో పంపే పికప్ మెసేజ్ గురించి. డ్రైవర్ ఎక్కడ ఉంటాడు, ఎవరికి ఫోన్ చేయాలి, ఫ్లైట్ లేటైతే ఏం చేయాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి.

మొదటి ఏడాది ఆ మెసేజ్ మూడే లైన్లు. డ్రైవర్ మీ పేరున్న బోర్డు పట్టుకుని అరైవల్స్ బయట ఉంటాడు. ఇదిగో నంబర్. ఫ్లైట్ లేటైనా డ్రైవర్ వెయిట్ చేస్తాడు. చదివితే ఏ లోటూ కనిపించదు. మూడు లైన్లలోనూ మేం దెబ్బ తిన్నాం.

ముందు నంబర్ సంగతి. డ్రైవర్ నంబర్‌ను పది అంకెలుగా ఇచ్చారు. చెల్లె దాన్ని అలాగే సేవ్ చేసుకుంది. అమెరికా నంబర్‌తో నడిచే వాట్సాప్‌లో ముందు +91 లేకుండా ఆ నంబర్ కనిపించదు. ఎయిర్‌పోర్ట్ వైఫై వాడదామంటే ఓటీపీ అడిగింది, రోమింగ్ లేని సిమ్‌కు ఓటీపీ రాలేదు. పక్కనున్న పెద్దమనిషి ఫోన్ అడిగి నాకు చేసింది, నేను డ్రైవర్‌కు చేశాను. "నేను ఇక్కడనే ఉన్న సార్, మేడమే కనిపిస్తలేరు" అన్నాడు. ఇద్దరూ ఒకే గేటు ముందు నిలబడి ఇరవై నిమిషాలు నా ద్వారా మాట్లాడుకున్నారు. ఇప్పుడు మెసేజ్‌లో నంబర్ +91తోనే వస్తుంది. వచ్చేవాళ్లు బయలుదేరే ముందే ఆ నంబర్‌కు వాట్సాప్‌లో ఒక హాయ్ పెట్టాలని కూడా రాస్తున్నారు. అటువైపు నుంచి జవాబు వస్తే నంబర్ సరైనదేనని తేలిపోతుంది.

ఆఫీసు నంబర్ కూడా ఇస్తారు గానీ, మొదట్లో రాత్రి రెండింటికి అది మోగేదే తప్ప ఎత్తేవాళ్లు లేరు. ఇప్పుడు ఓనర్ సొంత నంబర్ ఇస్తున్నాడు. నిద్ర గొంతుతోనైనా ఎత్తుతాడు.

కలిసే చోటు విషయంలో నేను నేర్చుకున్నది వేరు. శంషాబాద్‌లో టెర్మినల్ ఒక్కటే అయినా డొమెస్టిక్ వాళ్లు ఒకవైపు నుంచి, ఇంటర్నేషనల్ వాళ్లు ఇంకోవైపు నుంచి బయటికి వస్తారు. ఒకసారి చెల్లె వాళ్లు ఢిల్లీ మీదుగా వచ్చారు. ఇమిగ్రేషన్ ఢిల్లీలోనే అయిపోయింది, ఇక్కడికి మామూలు డొమెస్టిక్ ఫ్లైట్‌లో దిగారు. డ్రైవర్ మాత్రం అమెరికా నుంచి వస్తున్నారన్న ఒక్క మాట పట్టుకుని ఇంటర్నేషనల్ వైపు బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటినుంచి ఏ దేశం నుంచి అని కాకుండా, ఆఖరి విమానం ఏ ఊరు నుంచి అని అడుగుతున్నారు. ఇంతకుముందు ఒక కాఫీ షాపును గుర్తుగా చెప్పేవాళ్లు. విస్తరణ పనులు జరిగిన రోజుల్లో ఆ గుర్తు పనికిరాకుండా పోయింది. ఇప్పుడు డ్రైవర్ అక్కడికి చేరాక తను నిలబడ్డ చోటును ఫొటో తీసి, పిల్లర్ నంబర్ కనిపించేలా పంపుతాడు. నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. ఒక జాగ్రత్త మాత్రం మెసేజ్‌లో ఇప్పటికీ లేదు, నేనే చేర్చి పంపుతాను: బయటికి వచ్చాక మళ్లీ లోపలికి పోనివ్వరు కాబట్టి సిమ్, డబ్బు మార్పిడి, బాత్రూమ్ పనులు లోపలే ముగించుకోండి.

ఇక లేట్ సంగతి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి కాదు, ఫ్లైట్ దిగాక క్యాబ్ పిలిచినా సరిపోతుంది. మనకు జనగామ, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి పోవాలంటే మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. బండి కదిలిందంటే ఖర్చు మొదలైనట్టే. మా దగ్గరి మామునూరులో విమానాలు దిగే రోజు వస్తే ఈ గోల తప్పుతుందేమో.

రెండేళ్ల కింద చెల్లె వాళ్లు దోహా మీదుగా వచ్చారు. రాత్రి రెండున్నరకు ఇక్కడ దిగాలి. డాలస్‌లోనే విమానం రెండు గంటలు లేటుగా లేచింది. వాళ్లు దోహా చేరేసరికి హైదరాబాద్ విమానం వెళ్లిపోయింది. ఇక్కడ డ్రైవర్ మాత్రం పద్ధతిగా ఫోన్‌లో ఫ్లైట్ నంబర్ కొట్టి చూశాడు. ఆన్ టైమ్ అని చూపించింది. అందులో తప్పేమీ లేదు, ఆ విమానం టైముకే వచ్చింది, వీళ్లు అందులో లేరంతే. డ్రైవర్ పదిన్నరకు హనుమకొండ నుంచి కదిలాడు. చెల్లె దోహాలో ట్రాన్స్‌ఫర్ కౌంటర్ దగ్గర లైన్‌లో నిలబడి పదకొండు నలభైకి నాకు మెసేజ్ పెట్టింది. నేను రెండింటికి అలారం పెట్టుకుని పడుకున్నాను. లేచి చూసేసరికి బండి శంషాబాద్‌లో ఉంది. డ్రైవర్ ఐదింటి దాకా ఉండి ఖాళీగా తిరిగొచ్చాడు. డబ్బు సగం నేను, సగం ఓనర్ భరించాం, కొంచెం మాటా మాటా అయ్యాకే.

ఆ గొడవలోంచే ఇప్పుడున్న రూల్ పుట్టింది. దోహా నుంచి హైదరాబాద్‌కు సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఇక్కడ దిగాక ఇమిగ్రేషన్, సామాన్లకు ఇంకో గంట వేసుకోవచ్చు. మన బండికి కావాల్సింది మూడు, మూడున్నర గంటలు. కాబట్టి వాళ్లు అక్కడ సీట్లో కూర్చున్నాక బండి ఇక్కడ కదిలినా అందుతుంది. మెసేజ్‌లో ఆ లైన్ ఇలా ఉంది: "విమానం ఎక్కి కూర్చోగానే డ్రైవర్‌కు, ఇంట్లోవాళ్లకు 'ఎక్కాం' అని పెట్టండి. అది వచ్చాకే బండి బయలుదేరుతుంది." మెసేజ్ రాకపోతే ఓనర్ ఇంటికి ఫోన్ చేస్తాడు. దుబాయ్ నుంచి వచ్చేవాళ్లకూ ఈ లెక్క పనిచేస్తుంది.

ఢిల్లీ, ముంబై మీదుగా వస్తే పనిచేయదు. ఢిల్లీ నుంచి విమానం రెండు గంటల చిల్లర, ముంబై నుంచి ఇంకా తక్కువ. వాళ్లు ఎక్కకముందే బండి ఇక్కడ కదలాలి. జనవరిలో ఢిల్లీలో పొగమంచు పడితే ఫ్లైట్ గంట గంటకూ జరుగుతూ పోతుంది. అలాంటప్పుడు డ్రైవర్ వెయిట్ చేస్తాడన్న మాట ఎందుకూ పనికిరాదు. ఎంతసేపు అన్నది రాయాలి. ఇప్పుడు రాస్తున్నారు: విమానం నేల మీద దిగిన టైము నుంచి గంటన్నర ఉచితం, ఆ తర్వాత గంటకు ఇంత. టికెట్ మీదున్న టైము నుంచి కాదు, దిగిన టైము నుంచి. ఈ తేడా కోసం నేను రెండుసార్లు వాదించాల్సి వచ్చింది. వెయిటింగ్ నాలుగు గంటలు దాటితే డ్రైవర్‌ను మార్చే హక్కు వాళ్లది, కొత్త నంబర్ పంపే బాధ్యత కూడా వాళ్లదే. రాత్రంతా నిద్ర లేని మనిషి చేతిలో పిల్లలతో సహా నూట యాభై కిలోమీటర్లకు పైగా రావడం నాకూ ఇష్టం లేదు, కాబట్టి ఇది న్యాయమే.

డ్రైవర్ మారితే పేరు, నంబర్ మారుస్తారు గానీ కారు నంబర్ మార్చడం ఇప్పటికీ మర్చిపోతారు. పోయిన దసరాకు బావ తెల్లకారు కోసం వెతుకుతుంటే వెనక నుంచి బూడిదరంగు కారు హారన్ కొడుతోంది. ఇంకొకటి, తేదీ. రాత్రి ఒంటిగంటకు దిగే విమానాన్ని మనం "పద్నాలుగు రాత్రి" అంటాం, టికెట్ మీద పదిహేను ఉంటుంది. మెసేజ్‌లో ఒక్క తేదీ మాత్రమే వస్తుంది. నేను "పద్నాలుగు గురువారం రాత్రి తెల్లవారితే పదిహేను శుక్రవారం" అని రెండు వారాల పేర్లూ కలిపి తిరిగి పంపి, సరే అనిపించుకుంటాను. ఈ రెండూ సరిచేయమని ఓనర్‌కు చెప్పాను. "చేస్తం సార్" అన్నాడు. అది మార్చిలో.

ఐదుకు మూడున్నర ఇస్తాను. వచ్చే నెల చిన్న బావ వస్తున్నాడు, దోహా నుంచి నేరుగా. 'ఎక్కాం' మెసేజ్ పెట్టమని ఇప్పటికే రెండుసార్లు చెప్పాను, "నేనొక్కణ్నే కదా, ఎక్కిన అని పెడత" అన్నాడు.