ఒక ఫొటో కలర్ వందలకి: పెళ్లి పనిలో లైట్‌రూమ్ సింక్ ఎంతవరకు నమ్మొచ్చు

మాది విజయనగరంలో చిన్న స్టూడియో. పెళ్లి ఫొటోలకి లైట్‌రూమ్ క్లాసిక్ వాడటం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మాఘంలో ముహూర్తాలు వరసగా పడితే ఒక రాత్రి చీపురుపల్లి, మర్నాడు రాత్రి బొబ్బిలి, ఆ మధ్యలోనే వెనకటి పెళ్లి ఫైళ్లు ల్యాబ్‌కి వెళ్లాలి. సెలెక్షన్ అయ్యాక కూడా పెళ్లికి ఎనిమిది, తొమ్మిది వందల ఫొటోలు మిగులుతాయి. ఒక్కోదానికీ విడిగా కలర్ చేస్తూ కూర్చుంటే పెళ్లి ఆల్బమ్ సీమంతానికి అందుతుంది. అందుకే మా పనంతా Sync బటన్ మీదే నడుస్తోంది. అది ఎక్కడ బాగా పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఇన్నాళ్ల వాడకంలో తెలిసింది రాస్తున్నాను.

బటన్ వాడటం తెలియనివాళ్లు తక్కువే. ఒక ఫొటో సరిచేసి, దానితోపాటు మిగతావన్నీ సెలెక్ట్ చేసి Ctrl+Shift+S కొడితే, ఏయే సెట్టింగులు పంపాలని ఒక పెట్టె అడుగుతుంది. సెలెక్ట్ చేసినవాటిలో ఏది మిగతావాటికంటే తెల్లగా మెరుస్తుందో దాని సెట్టింగులే అందరికీ వెళ్తాయి. ఇంతవరకు ఐదు నిమిషాల్లో ఎవరైనా నేర్చుకుంటారు. అసలు పని ఏ ఫొటోలని ఒక గుంపుగా పట్టుకోవాలన్న దగ్గర మొదలవుతుంది.

చాలామంది తంతుల వారీగా గుంపులు కడతారు. గౌరీపూజ ఒకటి, కన్యాదానం ఒకటి, తలంబ్రాలు ఒకటి. నేను లైటు ప్రకారం కడతాను. మండపం మీద లైట్లు మారనంతసేపు ఎన్ని తంతులు జరిగినా అదంతా నాకు ఒకటే గుంపు. ఒక్క తంతు మధ్యలో లైటు మారితే అది రెండు గుంపులు. ఇందుకు ఫొటోలు టైము ప్రకారం వరసలో ఉండాలి. రెండు కెమెరాలుంటే పెళ్లికి బయల్దేరే ముందే రెండిటి గడియారాలూ ఒకటి చేసుకోవాలి. మరిచిపోతే Edit Capture Time తో తరవాతైనా సరిచేయొచ్చు.

ఈ మధ్య చేసిన ఒక పెళ్లి సంగతి చెబుతాను. అర్ధరాత్రి ముహూర్తం, కల్యాణ మండపం లోపల. పైన పసుపుపచ్చ బల్బులు, పక్కన వీడియో తీసే అతని ఎల్‌ఈడీ లైటు, నా కెమెరా మీద ఫ్లాష్. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా రమారమి 240 ఫొటోలు. సింక్‌కి మూల ఫొటోగా నేను తీసుకునేది అందమైన ఫొటోని కాదు, సగటు ఫొటోని. దగ్గరి నుంచి తీసిన పెళ్లికూతురి ముఖంలో ఫ్లాష్ పాలు ఎక్కువ, దాని కలర్ మిగతావాటికి నప్పదు. ఇద్దరూ నడుం వరకు కనిపిస్తూ, పక్కన పంతులుగారు, వెనక కొంచెం మండపం ఉన్నది ఎంచుకున్నాను.

వైట్ బ్యాలెన్స్‌కి మన పెళ్లిళ్లలో దొరికే సదుపాయం మధుపర్కాలు. ఎర్రంచు తెల్లబట్ట ఫ్రేములో ఎప్పుడూ ఉంటుంది. కానీ W నొక్కి డ్రాపర్ ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. ఒళ్లో భాగం పసుపు బియ్యం తగిలి అప్పటికే లేత పసుపైపోయి ఉంటుంది. అక్కడ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ పసుపుని విరుద్ధ రంగుతో కొట్టేసి ముఖాలన్నీ నీలంగా తేలుస్తుంది. అంచు పక్కన బట్ట మీద ఎరుపు నీడ పడి ఉంటుంది, అక్కడా నొక్కకూడదు. నేను పెళ్లికొడుకు భుజం మీది ఉత్తరీయం మడత మీద నొక్కాను. 4700 కెల్విన్ దగ్గర ఆగింది. ముఖం చూసి అక్కడి నుంచి కొంచెం వెచ్చగా జరిపాను.

ఇక్కడ చాలామందికి అర్థంకాక జుట్టు పీక్కునే విషయం ఒకటుంది. మూల ఫొటోలో వైట్ బ్యాలెన్స్ As Shot అని ఉండగానే సింక్ కొడితే, మిగతావాటికి వెళ్లేది ఆ అంకె కాదు, As Shot అనే మాటే. కెమెరా ఆటోలో తీసి ఉంటే ఏ ఫొటోకి ఆ ఫొటో దాని అంకె మీదే ఉండిపోతుంది. సింక్ చేసినా రంగులు కలవలేదంటే ముందు చూడాల్సింది ఇదే. స్లైడర్ ఒక్క పిసరు కదిపితే Custom అవుతుంది, అప్పుడు అంకె వెళ్తుంది. ఇంకోటి, జేపెగ్ ఫైళ్లకి కెల్విన్ అంకెలు ఉండవు, మైనస్ 100 నుంచి ప్లస్ 100 వరకు స్కేలు ఉంటుంది. అందుకని రా ఫైళ్లనీ జేపెగ్‌లనీ ఒకే సింక్‌లో కలపను.

తరవాత పెట్టెలో టిక్కులు. ముందు Check None కొట్టి కావాల్సినవే పెడతాను. ప్రొఫైల్, వైట్ బ్యాలెన్స్, హైలైట్స్, షాడోస్, కలర్ మిక్సర్, లెన్స్ కరెక్షన్, నాయిస్ తగ్గింపు వెళ్తాయి. క్రాప్, మచ్చలు తీసినవి, బ్రష్‌తో గీసిన మాస్కులు వెళ్లవు. మూల ఫొటోలో పెళ్లికూతురి ముఖం ఉన్నచోట గీసిన బ్రష్, పక్క ఫొటోలో సన్నాయి ఊదే ఆయన డొక్క మీద పడుతుంది.

ఎక్స్‌పోజర్ టిక్కు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మాన్యువల్‌లో, ఫ్లాష్ కూడా మాన్యువల్‌లో పెట్టి తీసిన గుంపైతే అది పంపేయొచ్చు. ఫ్లాష్ టీటీఎల్‌లో ఉంటే పంపను. సింక్ పంపేది తేడా కాదు, అంకె. మూల ఫొటోలో +0.30 ఉంటే, అప్పటికే చూసుకుని +0.80 పెట్టుకున్న చీకటి ఫొటో కూడా +0.30 కి దిగిపోతుంది. తేడా మాత్రమే పంపాలంటే లైబ్రరీలో గ్రిడ్‌కి వెళ్లి Quick Develop లో బాణాలు వాడాలి. ఒంటి బాణం స్టాపులో మూడో వంతు, జంట బాణం ఒక స్టాపు. సెలెక్ట్ చేసిన ప్రతి ఫొటోకీ దాని సొంత అంకె మీద అంత కలుస్తుంది. గుంపంతా కొంచెం చీకటిగా వచ్చిందనిపిస్తే నేను ముట్టుకునేది ఈ బాణాన్నే. లైట్‌రూమ్‌లో ఇంత పనికొచ్చి ఇంత తక్కువమంది వాడేది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

సింక్ అయ్యాక ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూడను. G నొక్కి, బొమ్మలు చిన్నవి చేసి, తెర మీద ఒకేసారి నలభై, యాభై కనిపించేలా పెడతాను. పెద్దగా చూస్తే కన్ను ఏ రంగుకైనా అలవాటు పడిపోతుంది. చిన్నవి పక్కపక్కన ఉంటే తేడా ఉన్నది ఇట్టే తెలుస్తుంది. ఆల్బమ్‌లో ఇంటివాళ్లు చూసేదీ అలాగే. ఒక పెళ్లికూతురి అమ్మగారు షీటు తిప్పి, "ఇటు పేజీలో మా పాప పచ్చగా ఉంది, అటు పేజీలో పాలిపోయింది, ఏటి బాబూ ఇది?" అన్నారు. విడిగా చూస్తే ఆ రెండు ఫొటోలూ బాగానే ఉన్నాయి.

ఆ 240 లో తేడాగా తేలినవి నలభై దాకా. వీటినీ ఒక్కొక్కటిగా సరిచేయక్కర్లేదు, ఎందుకు తేడా వచ్చిందో చూస్తే అవీ గుంపులుగానే ఉంటాయి. తలంబ్రాల దగ్గర గబగబా నొక్కినప్పుడు ఫ్లాష్ ఛార్జ్ అందుకోక పన్నెండు చీకటిగా వచ్చాయి. చూడగానే ఎక్స్‌పోజర్ పెంచాలనిపిస్తుంది. పెంచితే ముఖాలు నారింజ రంగుకి తిరిగాయి. ఎందుకంటే ఆ ఫొటోల్లో ఫ్లాష్ వెలుగు లేదు, ఉన్నదంతా పైబల్బుల పచ్చ వెలుగే, దానికి 4700 ఎక్కువ. వాటిలో ఒకటి తీసి 3600 దగ్గరికి దించి, ఒక స్టాపు పెంచి, షాడోస్‌లో నాయిస్ చూసుకుని, ఆ పన్నెండింటికీ మాత్రమే మళ్లీ సింక్ కొట్టాను. పెంచినప్పుడు రంగు మారకుండా వెలుగు మాత్రమే పెరిగితే అది మామూలు చీకటి ఫొటో, దానికి బాణాలు చాలు.

ఇంకో ఇరవై దాకా వరసగా ఉన్నాయి. వీడియో అతను తన ఎల్‌ఈడీ లైటు బ్యాటరీ మార్చుకున్న సమయం అది. ముఖం మీద ఫ్లాష్ ఉంది కనుక ముఖాలు సరిగ్గానే ఉన్నాయి, వెనక మండపం మాత్రం ముదురు నారింజకి పోయింది. దీన్ని వైట్ బ్యాలెన్స్‌తో సరిచేయబోతే వెనక కుదిరేసరికి ముఖం నీలమవుతుంది. ముఖాన్ని అలాగే ఉంచి, వెనక నారింజని వదిలేశాను. ఎవరూ అడగలేదు. మిగిలిన నాలుగైదు, ఎర్ర కంచిపట్టు చీరల మధ్య నిలబడ్డ పిల్లల ముఖాల మీద ఆ ఎరుపు పడ్డవి. అవి చేత్తోనే చేసుకోవాలి.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు తేడా ఫొటోలని ఇంకో కుప్ప పోశాడు. "అన్నా, ముఖాలు బాగా పచ్చగా ఉన్నాయి, ఎల్లో తగ్గించి అన్నిటికీ కొట్టేయనా?" అని అడిగాడు. అది లైటు పచ్చదనం కాదు, నలుగు పెట్టిన పసుపు. చూడాల్సింది ముఖం కాదు, కళ్లలో తెల్లగుడ్డు, బట్టలో తెలుపు. అవి తెల్లగా ఉండి ముఖం పచ్చగా ఉంటే అది పసుపే. కలర్ మిక్సర్‌లో ఎల్లో తగ్గించి సింక్ చేస్తే, దాంతోపాటే మంగళసూత్రం, నగలు, అరటి గెలలు, తలంబ్రాలు అన్నీ వెలిసిపోతాయి. మరీ ఎక్కువనిపిస్తే ముఖం మీద మాత్రమే మాస్కు వేసి కాస్త తగ్గించాలి, అదీ ఆ ఒక్క ఫొటోకే.

Match Total Exposures అని Settings మెనూలో ఒకటి ఉంది. షట్టర్, అపర్చర్, ఐఎస్‌ఓ లెక్క చూసి ఫొటోల వెలుగుని మూల ఫొటోకి సమం చేస్తుంది. పొద్దున్న ఇంటి ముందు పందిట్లో పెళ్లికూతుర్ని చేసేటప్పుడు, కెమెరా షట్టర్‌ని తనంతట తనే మార్చుకున్న గుంపుకి ఇది చక్కగా కుదిరింది. ఫ్లాష్ ఎంత వెలిగిందో ఆ లెక్కలో రాదు కనుక రాత్రి మండపంలో దాని జోలికి పోను. Auto Sync స్విచ్చి ఎప్పుడూ ఆపే ఉంచుతాను. అది వేసి ఉండగా ఒక ఫొటో క్రాప్ చేస్తే సెలెక్షన్‌లో ఉన్నవన్నీ క్రాప్ అవుతాయి, తెర మీద మాత్రం ఒకటే కనిపిస్తుంది.

రెండో కెమెరాది వేరే కంపెనీ అయితే ఒకే కెల్విన్ అంకె రెండిటిలోనూ ఒకే రంగు ఇవ్వదు. దాని ఫొటోలని మెటాడేటా ఫిల్టర్‌తో విడగొట్టి, దానికంటూ ఒక మూల ఫొటో చేస్తాను. మొదటి కెమెరా ఫొటోని Reference View లో పక్కన పెట్టుకుంటే కంటితో కలపడం తేలిక.

రిసెప్షన్‌కి మాత్రం సింక్ మీద ఆశ పెట్టుకోను. వెనక ఎల్‌ఈడీ వాల్ మీద బొమ్మ మారినప్పుడల్లా ముఖాల మీద ఊదా, ఆకుపచ్చ, నీలం మారిపోతుంటాయి. వరస ఫొటోలు రెండిటికి కూడా ఒకే లైటు ఉండదు. అక్కడ ప్రొఫైల్, లెన్స్, నాయిస్ సెట్టింగులు మాత్రమే సింక్ చేసి, రంగు విడిగా చూసుకుంటాను. ఇప్పుడైతే చుట్టాలు స్టేజి ఎక్కేముందే వాల్ ఆపరేటర్ దగ్గరికి వెళ్లి, గ్రూపు ఫొటోలు అయ్యేదాకా కదలని లేత రంగు బొమ్మ ఒకటి పెట్టి ఉంచమని అడుగుతున్నాను. సగంమంది ఒప్పుకుంటారు. వాళ్లు ఒప్పుకున్న రాత్రి రిసెప్షన్ ఫొటోలకీ వైట్ బ్యాలెన్స్ టిక్కు పెడతాను.